గ్రూపు గోలలో పనికొచ్చే కబురు మాత్రమే మోగాలంటే?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో తెల్లవారినప్పటి నుంచీ శుభోదయాలు, ఫార్వర్డులే. మ్యూట్ చేస్తే నీళ్ల ట్యాంకర్ వచ్చిన సంగతి కూడా తెలియడం లేదు. ముఖ్యమైనవి మాత్రమే మోగేలా చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందుగా గ్రూపు పేరు మీద నొక్కి, తెరుచుకునే పేజీలో మ్యూట్‌ను ఎంచుకోండి. 8 గంటలు, ఒక వారం, ఎల్లప్పుడూ అనే మూడు గడువులు కనిపిస్తాయి. ఎనిమిది గంటల గడువు మీరు నొక్కిన క్షణం నుంచి మొదలవుతుంది కనుక రాత్రి పదింటికి పెడితే ఉదయం ఆరింటికి తీరిపోతుంది, సరిగ్గా శుభోదయాలు మొదలయ్యే వేళకు! పైగా మరుసటి రాత్రి మళ్లీ మీరే పెట్టుకోవాలి. మీకు నప్పేది ‘ఎల్లప్పుడూ’ మాత్రమే.

ఇలా మ్యూట్ చేసినా, ఎవరైనా @ గుర్తుతో మీ పేరు ప్రస్తావించినా, మీ సందేశానికే జవాబిచ్చినా ఫోన్ మీకు తెలియజేస్తుంది. అయితే పంపేవారు @ కొట్టగానే వచ్చే జాబితాలోంచి మీ పేరును ఎంచుకోవాలి. అలా ఎంచుకున్న పేరు సందేశంలో వేరే రంగులో కనిపిస్తుంది. చేత్తో టైపు చేసిన పేరు మామూలు అక్షరాలుగానే మిగిలి, మీ ఫోన్‌ను కదిలించదు. ప్రస్తావించిన వ్యక్తితో మీ విడి చాట్‌ను కూడా మ్యూట్‌లో ఉంచి ఉంటే ఆ కబురూ వినబడదు. ప్రస్తావనలు రావడం లేదనిపిస్తే ఈ రెండింటినీ ముందుగా చూడండి.

మీ పార్కింగ్ లేదా మీ మెయింటెనెన్స్ బాకీ లాంటి సొంత విషయాలకు ఈ పద్ధతి చాలు. ట్యాంకర్ వార్త అందరిదీ కనుక, సెక్రటరీగారు ప్రతి ఫ్లాటు వారినీ పేరు పేరునా ప్రస్తావిస్తూ కూర్చోరు. ఏది ముఖ్యమో వాట్సాప్ తేల్చలేదు కాబట్టి, అలాంటి వార్తలకు రెండో గ్రూపు పెట్టించడమే సరైన మార్గమని నా అభిప్రాయం. అందులో గ్రూపు అనుమతుల్లోకి వెళ్లి, సందేశాలు పంపే వీలును అడ్మిన్లకే పరిమితం చేయమనండి. అప్పుడు ‘థాంక్యూ’లు, దండం బొమ్మలు కూడా అక్కడ చేరవు.

ప్రత్యేకమైన టోను పెట్టుకోవలసింది ఆ రెండో గ్రూపుకే. ఆండ్రాయిడ్‌లో దాని సమాచార పేజీలోని నోటిఫికేషన్ల విభాగంలో కస్టమ్ నోటిఫికేషన్లకు టిక్ పెట్టి, వంటింట్లో మిక్సీ తిరుగుతున్నా గుర్తుపట్టగలిగే శబ్దాన్ని ఎంచుకోండి. ఐఫోన్‌లో అయితే అదే పేజీలో అలర్ట్ టోన్ మార్చుకోవచ్చు. టోను మార్చినా మోగకపోతే, ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో వాట్సాప్ నోటిఫికేషన్ల జాబితా తెరిచి, ఆ గ్రూపు పేరు ‘సైలెంట్’లో ఉందేమో చూడండి. ఫోన్ మొత్తం ‘డు నాట్ డిస్టర్బ్’లో ఉంటే మాత్రం ఏ టోనూ వినబడదు.