మీగడ తీసినా కొలెస్ట్రాల్ ఎందుకు తగ్గలేదంటే

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. నాన్నగారి వయసు 58. మొన్న పరీక్షలో చెడ్డ కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్ 165 వచ్చింది. ఇంట్లో గేదె ఉంది, చిన్నప్పటి నుంచి చిక్కటి పాలు, గడ్డ పెరుగు అలవాటు. ఇప్పుడు వెన్న తీసిన ప్యాకెట్ పాలకు మారాలా? గేదె పాలే మీగడ తీసి వాడుకుంటే సరిపోదా?

జవాబు:

మీగడ తీసి వాడుకోవడం నేను చేసి చూశాను. మూడు నెలలు చేశాక ఎల్‌డీఎల్ 171 నుంచి 168కి వచ్చింది. మూడు పాయింట్లంటే తగ్గినట్టు కాదు, ఏ మార్పూ లేకుండా రెండు సార్లు పరీక్ష చేయించినా అంతకంటే ఎక్కువ తేడా వస్తుంది. ఎక్కడ తప్పు చేశానో తెలియడానికి పాల చీటీ ఒకటి పనికొచ్చింది.

మేముండేది ఒంగోలులో. పాలు మాత్రం మా తమ్ముడి ఊరి నుంచి వస్తాయి. ఒంగోలు గిత్తల పేరు ఎంత మోగినా ఇక్కడ గ్లాసులోకి వచ్చేది గేదె పాలే కదా. తమ్ముడు మిగతా పాలు కేంద్రంలో పోస్తాడు. అక్కడిచ్చే చీటీలో వెన్న శాతం 7 అని ఉంది. నేను కాఫీకి, పెరుగుకు కలిపి రోజుకు అర లీటరు వాడుకుంటాను. అంటే 35 గ్రాముల కొవ్వు. పాల కొవ్వులో మూడింట రెండు వంతులకు కొంచెం తక్కువ, ఎల్‌డీఎల్‌ను పెంచే సంతృప్త కొవ్వు ఉంటుంది, కాబట్టి అది 22 గ్రాములు. ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉన్నవాళ్లు రోజు మొత్తం మీద సంతృప్త కొవ్వును 13 గ్రాముల దగ్గర ఆపుకోవాలని చెబుతారు. పాలతోనే ఆ గీత దాటేశాను, కూరలో నూనె లెక్కలోకే రాలేదు.

సరే, మీగడ తీయడం మొదలుపెట్టాం. కాచి చల్లార్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున పైన కట్టిన దళసరి పొరను గరిటెతో తీసేయడం. పాలు నిజంగానే పలచబడ్డాయి. నాకు చాలా గర్వంగా ఉండేది. కానీ ఆ మీగడ ఏమవుతోందో నేను అడగలేదు. మా ఆవిడ దాన్ని గిన్నెలో పోగుచేసి, వారానికోసారి చిలికి, వెన్న కాచి నెయ్యి చేసేది. మా ముగ్గురికి రోజుకు లీటరున్నర పాలు వస్తాయి, వారానికి దాదాపు 450 గ్రాముల నెయ్యి తేలింది. ఇంట్లో నెయ్యి ఉంటే కందిపొడి ఉత్తగా కలుపుకొంటామా? దోసె మీద ఒక చెంచా, పప్పన్నంలో రెండు, రాత్రి ఇంకొకటి. ఆ 450 గ్రాములను ముగ్గురికీ ఏడు రోజులకూ పంచితే మనిషికి రోజుకు 20 గ్రాముల పైమాటే.

ఇప్పుడు కూడి చూడండి. మీగడ తీసిన పాలలో ఇంకా మూడు శాతం దాకా కొవ్వు మిగిలే ఉంది, నా అర లీటరుకు 15 గ్రాములు. నెయ్యి 20. మొత్తం మళ్లీ 35. గిన్నె మారింది, కొవ్వు మారలేదు.

పైగా నెయ్యిగా మార్చుకోవడం వల్ల ఇంకొంచెం నష్టమే జరిగి ఉండొచ్చు. పాలలో కొవ్వు చిన్న చిన్న బిందువులుగా, ఒక్కొక్కటీ సన్నని పొర చుట్టుకుని ఉంటుంది. కవ్వంతో చిలికితే ఆ పొర చిట్లి, చాలా భాగం మజ్జిగలోకి పోతుంది. 2015లో స్వీడన్‌లో ఒక చిన్న పరిశోధన చేశారు. ఒక గుంపుకు రోజుకు 40 గ్రాముల పాల కొవ్వు మీగడ రూపంలో, ఇంకో గుంపుకు అంతే కొవ్వు నెయ్యిలాంటి శుద్ధ వెన్న నూనె రూపంలో ఎనిమిది వారాలు ఇచ్చారు. ఎల్‌డీఎల్ రెండో గుంపులోనే పెరిగింది. పెరుగుకు వెన్నంత చెడ్డపేరు లేకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. దీన్ని పట్టుకుని గడ్డ పెరుగు ఎంతైనా తినొచ్చు అనుకోకండి. ఉన్న కొద్ది పాల కొవ్వును ఎందులో ఖర్చు పెట్టాలంటే మాత్రం నెయ్యి కంటే పెరుగులోనే అని నా అభిప్రాయం.

పాలలో నీళ్లు కలుపుకోవడం కూడా కొందరు చెబుతారు. సగానికి సగం కలిపినా వెన్న మూడున్నర శాతం ఉంటుంది, దుకాణంలో టోన్డ్ ప్యాకెట్‌లో మూడు శాతమే. పైగా నీళ్లతో మాంసకృత్తులు, కాల్షియం కూడా పలచబడతాయి.

తర్వాత డబుల్ టోన్డ్ ప్యాకెట్‌కు మారాను. అందులో వెన్న 1.5 శాతం. పూర్తిగా వెన్న తీసిన పాలలో 0.5 శాతం లోపే ఉంటుంది, కానీ ఆ కాఫీ నావల్ల కాలేదు. అర లీటరు డబుల్ టోన్డ్‌లో సంతృప్త కొవ్వు 5 గ్రాముల లోపు. నెయ్యి రోజుకు ఒక్క చెంచా, అందులో 3. మొత్తం 8. దీనికీ స్కిమ్డ్‌కూ తేడా మూడు నాలుగు గ్రాములే, రుచి చంపుకుని అంతదూరం వెళ్లనక్కరలేదు. పెరుగు పలచగా తోడుకుంటోందని విసుగొస్తే, పాలు కాచేటప్పుడు అర లీటరుకు ఒక పెద్ద చెంచా వెన్న తీసిన పాలపొడి కలపండి. గడ్డగా తోడుకుంటుంది.

ఇక్కడ రెండో తప్పు చేశాను. నెయ్యి తగ్గాక కడుపు నిండినట్టు అనిపించక అన్నం మూడోసారి పెట్టించుకునేవాణ్ని, సాయంత్రం టీలో బిస్కెట్లు ముంచుకునేవాణ్ని. అలా నాలుగు వారాలు గడిచాక చేయించిన పరీక్షలో ఎల్‌డీఎల్ 160కి దిగింది గానీ రక్తంలోని ఇంకో రకం కొవ్వు, ట్రైగ్లిసరైడ్లు, 150 నుంచి 210కి ఎక్కాయి. కొవ్వు తీసేసిన చోట తెల్లన్నం, చక్కెర పెడితే జరిగేది అదే. తీసేసిన చోట ఏం పెడుతున్నామన్నది పాల ప్యాకెట్ రంగు కంటే ముఖ్యం. మూడో వాయి అన్నం మానేసి ఉడికించిన అలసందలో, ఉలవ గుగ్గిళ్లో తిన్నాను. బిస్కెట్ల బదులు గుప్పెడు వేయించిన వేరుశనగలు. రాత్రిపూట మీ వైపు దొరికే కొర్రలు. వారానికి రెండుసార్లు చేపల పులుసు, వేపుడు కాదు. అలా ఇంకో మూడు నెలలకు ఎల్‌డీఎల్ 148, ట్రైగ్లిసరైడ్లు మళ్లీ 150కి వచ్చాయి, బరువు మూడు కిలోలు తగ్గింది.

అక్కడితో ఆగిపోయింది. సంతృప్త కొవ్వు రోజుకు 15 గ్రాములు తగ్గిస్తే ఎల్‌డీఎల్ పది నుంచి ఇరవై పాయింట్ల వరకు దిగడం మామూలు, అంతకు మించి పాలను అడగలేం. నాకు షుగరు కూడా ఉంది కాబట్టి డాక్టరు చిన్న మోతాదు స్టాటిన్ రాశారు. ఇప్పుడు వంద లోపే ఉంది. మీ నాన్నగారికి షుగరు, బీపీ ఉన్నా, ముందు గుండె జబ్బు వచ్చి ఉన్నా, పాలతో ప్రయోగం చేస్తూ మాత్ర వాయిదా వేయకండి. థైరాయిడ్ పరీక్ష ఒకసారి చేయించండి, అది మందగించినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది.

గేదెను పెట్టుకుని ప్యాకెట్ పాలు కొనడమేమిటని మీ ఇంట్లో గొడవ రావడం ఖాయం, మా తమ్ముడింట్లోనూ వచ్చింది. కేంద్రంలో వెన్న శాతాన్ని బట్టే డబ్బులిస్తారు. ఇంటికి ఉంచుకునే పాలు మీగడ తీయకుండా అక్కడే పోసేసి, నాన్నగారికి సరిపడా ప్యాకెట్ తెచ్చుకోండి. లీటరుకు లీటరు చూస్తే డబుల్ టోన్డ్ కొనే ఖర్చు పోను చేతికి కొంత మిగులుతుందో లేదో మీ కేంద్రం చీటీ పక్కన పెట్టుకుని ఒక వారం లెక్క రాయండి. అది కుదరకపోతే మీగడ తీయండి, కానీ ఆ గిన్నె మాత్రం నాన్నగారి పళ్లెం వైపు రానివ్వకండి.