విక్స్ లెక్క 14 దగ్గరే ఆగిపోతోందా?

"వచ్చే 30 రోజుల ఊగిసలాటను అంచనా వేసే ఇండియా విక్స్‌ను నిఫ్టీ ఆప్షన్ల ధరలతో లెక్క కట్టాను. 16 రోజుల గడువుకు 12 శాతం, 44 రోజుల గడువుకు 16 శాతం వచ్చాయి. 30 రోజులు సరిగ్గా మధ్యలో ఉన్నాయి కాబట్టి 14 రావాలి కదా? సూచీ 15 చూపిస్తోంది."

మీరు శాతాలను నేరుగా సగటు చేశారు. సగటు తీయవలసింది వేరియన్స్‌ను, అంటే శాతం వర్గాన్ని. అదీ రోజులతో గుణించిన తరువాతే. చాలామంది జారేది ఈ మెట్టు మీదే.

1. 0.12 × 0.12 × 16 = 0.2304
2. 0.16 × 0.16 × 44 = 1.1264
3. రెంటి సగటు 0.6784. దాన్ని 30తో భాగిస్తే 0.0226.
4. వర్గమూలం 0.1504, అంటే విక్స్ 15.04.

దూరపు గడువులో ఎక్కువ రోజుల ఊగిసలాట ఇమిడి ఉంటుంది కాబట్టి అది ఫలితాన్ని తనవైపు లాగుతుంది.

ఆ 12, 16 ఎలా తెచ్చారో కూడా ఒకసారి చూసుకోండి. ఫార్వర్డ్ ధరకు దిగువ స్ట్రైకులకు పుట్‌లు, ఎగువ స్ట్రైకులకు కాల్స్ మాత్రమే తీసుకోవాలి. ప్రతి ధరకూ బరువు ఇది:

```
ΔK / K²
```

ఇందులో K అంటే స్ట్రైకు, ΔK అంటే పక్కపక్క స్ట్రైకుల మధ్య ఎడం. స్ట్రైకు తగ్గేకొద్దీ బరువు పెరుగుతుంది. మార్కెట్ బెదిరినప్పుడు అందరూ ఎగబడి కొనేది ఆ దిగువ పుట్‌లనే; విక్స్‌కు భయసూచీ అన్న పేరు ఊరికే రాలేదు.

ధరగా చివరి లావాదేవీని వాడకండి, అది గంట కిందటిది కావచ్చు. కొనుగోలు కోట్, అమ్మకం కోట్ రెంటి సగటు తీసుకోండి.