రేడియో వార్తకు తేలిక హిందీ: చదువు వృథా అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి హిందీలో ఎం.ఏ. పూర్తి చేసింది. రేడియో వార్తా విభాగంలో పనిచేయాలన్న కోరికతో హిందీ పత్రికల వార్తలను బులెటిన్‌కు తగినట్టు తిరగరాస్తోంది. అది చూస్తే చిన్నపిల్లల హిందీలా ఉంది. ఇంత చదివి ఇలా రాస్తే ఉద్యోగం ఎవరిస్తారు? టీవీ యాంకరింగ్ కోర్సు దీనికన్నా నయమా? – ఒక తండ్రి

జవాబు: చదివిన చదువు వృథా అవుతుందన్నదే మీ అసలు దిగులు. అది అక్కరలేదండీ. పత్రికలోని బరువైన హిందీని పూర్తిగా అర్థం చేసుకున్నవారే దానిని తేలిక చేయగలరు.

పత్రికలో ఈ వాక్యం ఉందనుకుందాం: ‘జిలాధికారీ ద్వారా బాఢ్ ప్రభావిత్ క్షేత్రోం కే నిరీక్షణ్ కే ఉపరాంత్ రాహత్ కార్య హేతు 4,76,20,000 రుపయే కీ ధన్‌రాశి స్వీకృత్ కీ గయీ, జిస్‌సే లగ్‌భగ్ 12,000 పరివార్ లాభాన్విత్ హోంగే.’ అంటే, జిల్లాధికారి వరద ప్రాంతాలను పరిశీలించాక సహాయానికి 4,76,20,000 రూపాయలు మంజూరయ్యాయని, దాదాపు 12,000 కుటుంబాలకు మేలు జరుగుతుందని. చదివేవారు అర్థం కాకపోతే వెనక్కి వెళ్లి మళ్లీ చూసుకుంటారు; వినేవారికి ఆ వీలు లేదు. అందుకే బులెటిన్‌లో అది ఇలా మారుతుంది: ‘బాఢ్ సే ప్రభావిత్ కరీబ్ 12 హజార్ పరివారోం కో మదద్ మిలేగీ. జిలాధికారీ నే ఇస్‌కే లియే కరీబ్ పౌనే పాంచ్ కరోడ్ రుపయే మంజూర్ కియే హైఁ. యహ్ ఫైస్‌లా ప్రభావిత్ ఇలాకోం కే దౌరే కే బాద్ లియా గయా.’

ఎవరికి ఏం దక్కుతుందో మొదటి వాక్యంలోనే తెలిసింది, డబ్బు మంజూరు చేసిన వ్యక్తి కర్తగా ముందుకు వచ్చారు, ఎనిమిది అంకెల సంఖ్య ‘పౌనే పాంచ్ కరోడ్’, అంటే నాలుగు ముప్పావు కోట్లు అయి, చెవికి ఒక్కసారిగా అందింది. అయితే మృతుల సంఖ్యనూ ఓట్ల తేడానూ ఇలా గుండుగుత్తగా చెప్పకూడదు. తేదీ విషయంలోనూ జాగ్రత్త కావాలి: పొద్దున పత్రికలో వచ్చింది సాధారణంగా నిన్నటి సంగతి కాబట్టి, బులెటిన్‌కు తాజాదనం తేవాలని ‘ఆజ్’, అంటే ఈరోజు, అని మార్చితే వార్తే తప్పవుతుంది. ఎవరు చెప్పారన్నది పత్రికలో తరచుగా చివర వస్తుంది. రేడియోలో దానిని ముందే చెప్పకపోతే అధికారి అంచనా కాస్తా మన మాటగా వినిపిస్తుంది. మీరు చిన్నపిల్లల హిందీ అని తీసిపారేసిన పనిలో ఇన్ని నిర్ణయాలున్నాయి. దయచేసి ఆ మాట ఆమె ముందు మళ్లీ అనకండి.

యాంకరింగ్ కోర్సుల మీద నాకు గట్టి సందేహాలున్నాయి. కెమెరా ముందు నిలబడడం, ఉచ్చారణ, హావభావాలు నేర్పించి, చదవబోయే వార్తను ఎలా రాయాలో నేర్పించని చోట డబ్బు కట్టవద్దు. చేరే ముందు విద్యార్థులు రాసిన స్క్రిప్టులు, వాటిపై చేసిన దిద్దుబాట్లు చూపించమని అడగండి. రేడియో దారి కూడా ఇరుకైనదే: మన దేశంలో ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలకు సొంత వార్తా బులెటిన్లు తయారుచేసే అనుమతి లేదు కాబట్టి, రేడియో వార్తల్లో అవకాశాలు ప్రధానంగా ఆకాశవాణిలోనే ఉంటాయి. కాకపోతే చెవికి రాయడం వచ్చినవారు టీవీ డెస్కులోనూ పనికొస్తారు.

మీరు చేయగల సాయం ఒకటుంది. రోజూ ఆమె రాసిన వార్తను కాగితం చూడకుండా ఒక్కసారి విని, ఏం జరిగిందో తిరిగి చెప్పండి. మీరు తడబడిన చోటును ఆమె గుర్తు పెట్టుకుని, ఆ వాక్యాన్ని రెండుగా విడగొట్టి మళ్లీ రాయాలి.