కాల్ 62, పుట్ 36... మధ్యలో 26 లాభమేనా?

ప్రశ్న: ఒక షేర్ 1,000 దగ్గర ఉంది. మూడు నెలల ఎక్స్‌పైరీ ఉన్న 1,000 స్ట్రైక్ కాల్ 62, అదే స్ట్రైక్ పుట్ 36 చూపిస్తున్నాయి. షేర్ ధర, స్ట్రైక్ ఒకటే అయినప్పుడు రెండు ప్రీమియంలూ సమానంగా ఉండాలి కదా? కాల్ అమ్మి, పుట్, షేర్ కొంటే ఆ 26 రిస్క్ లేకుండా మిగులుతుందా? నాకు ఏడాదికి 8 శాతం వడ్డీకి అప్పు దొరుకుతుంది.

జవాబు: 26 మిగలదు. అందులో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. పోగా ఆరున్నర దాకా మిగలొచ్చు, అదీ మీరు చెప్పిన ధరలకే మూడు లావాదేవీలూ జరిగితే.

షేర్ ధర, స్ట్రైక్ ఒకటే అయినంత మాత్రాన ప్రీమియంలు సమానం కానక్కర్లేదు. షేర్ కొనేవారు 1,000 ఇప్పుడే కట్టాలి. కాల్ కొన్నవారు ఆ 1,000ని మూడు నెలల తర్వాత, అదీ కావాలనుకుంటేనే కడతారు. ఈలోగా ఆ డబ్బు మీద వడ్డీ వాళ్లదే. అందుకే కాల్ కాస్త ఖరీదుగా ఉంటుంది. ఎంత ఖరీదుగా ఉండాలో పుట్-కాల్ ప్యారిటీ చెబుతుంది:

C − P = S − K/(1+r)

C కాల్ ధర, P పుట్ ధర, S షేర్ ధర, K స్ట్రైక్, r ఎక్స్‌పైరీ దాకా అయ్యే వడ్డీ. ఏడాదికి 8 శాతమంటే మూడు నెలలకు 2 శాతం. 1,000ని 1.02తో భాగిస్తే 980.39. దాన్ని 1,000 లోంచి తీసేస్తే 19.61. కాల్, పుట్ మధ్య ఉండాల్సిన తేడా ఇదే. మీ దగ్గర 26 ఉంది కాబట్టి కాల్ 6.39 మేర ప్రియం, లేదా పుట్ అంత చౌక. రెండింటిలో ఏది తప్పు ధరలో ఉందో ప్యారిటీ చెప్పదు, మనకు అది తెలియాల్సిన పనీ లేదు.

మీరు చెప్పిన లావాదేవీనే లెక్క వేద్దాం. కాల్ అమ్మితే 62 వస్తుంది. పుట్‌కి 36, షేర్‌కి 1,000 పోతాయి. చేతి నుంచి పెట్టాల్సింది 974. దాన్ని అప్పు తెస్తే మూడు నెలలకు 993.48 తిరిగి కట్టాలి.

ఎక్స్‌పైరీ నాటికి షేర్ 1,200కి వెళ్లిందనుకోండి. కాల్ కొన్న వ్యక్తి 1,000 ఇచ్చి మీ షేర్ తీసుకుంటాడు, మీ పుట్ వృథా అవుతుంది. 850కి పడిందనుకోండి. కాల్‌ని ఎవరూ అడగరు, మీరే పుట్ వాడుకుని షేర్‌ని 1,000కి అమ్ముతారు. ఎటు పోయినా చేతికొచ్చేది 1,000. అప్పు తీర్చగా మిగిలేది 6.52. పైన చూసిన 6.39కి మూడు నెలల వడ్డీ కలిస్తే వచ్చేది సరిగ్గా ఇదే.

నన్నడిగితే దీన్ని ఆప్షన్ల వ్యాపారంగా కాక ఒక డిపాజిట్‌గా చూడండి: ఇవాళ 974 పెడితే మూడు నెలలకు 1,000. అంటే మూడు నెలలకు 2.67 శాతం, ఏడాదికి సుమారు 10.7. అప్పు అంతకంటే చౌకగా దొరికేవారికే ఇది లాభం. 12 శాతానికి తెచ్చేవారు 1,003.22 కట్టాలి, 3.22 నష్టపోతారు. ఒకే ధరలు ఒకరికి ఆర్బిట్రేజ్, ఇంకొకరికి కాదు.

ఇక తెర మీది ధరల సంగతి. 62, 36 చివరిగా ట్రేడైన ధరలు అయితే వాటిని నమ్మకండి. పుట్ ట్రేడై అరగంట అయి ఉండొచ్చు, ఈలోగా షేర్ కదిలి ఉండొచ్చు. అమ్మేదానికి బిడ్, కొనేదానికి ఆస్క్ చూడాలి. కాల్ బిడ్ 60, పుట్ ఆస్క్ 38.50, షేర్ ఆస్క్ 1,000.50 అనుకుందాం. పెట్టుబడి 979 అవుతుంది, తీర్చాల్సింది 998.58. మిగిలేది 1.42. బ్రోకరేజీ, పన్నులు ఇంకా తీయలేదు. పైగా మధ్యలో షేర్ పెరిగితే అమ్మిన కాల్‌కి బ్రోకర్ అదనపు మార్జిన్ అడగొచ్చు. షేర్ మీద లాభం కాగితం మీదే ఉంటుంది, మార్జిన్ మాత్రం వెంటనే కట్టాలి. కట్టలేక మధ్యలోనే కాల్ పొజిషన్ పోతే పైన వేసిన లెక్క చెల్లదు.

తేడా 19.61 కంటే తక్కువగా, అంటే కాల్ 52, పుట్ 42 లాగా, కనిపించినప్పుడు మరింత జాగ్రత్త. అప్పుడు లావాదేవీ తిరగబడుతుంది: కాల్ కొని, పుట్ అమ్మి, అరువు తెచ్చిన షేర్‌ని అమ్మాలి. ముందుగా డివిడెండ్ తేదీ చూడండి. ఎక్స్‌పైరీలోపు 10 డివిడెండ్ ఉంటే, షేర్ అరువిచ్చిన వారికి అది మీరే కట్టాలి. సూత్రంలో S నుంచి డివిడెండ్ నేటి విలువను తీసేస్తే ఉండాల్సిన తేడా దాదాపు 10కి దిగుతుంది. 52, 42 మధ్య ఉన్న తేడా కూడా అంతే. అక్కడ దొరికే లాభమేమీ లేదు.

మీ ఆప్షన్లు ఎక్స్‌పైరీ రోజునే వాడుకోదగినవా అన్నదీ కనుక్కోండి. ముందే వాడుకునే వీలున్న రకానికి ఈ సమీకరణం సరిగ్గా ఇలాగే వర్తించదు.