రోజుకు 11 మాత్రలు: ఫార్మసిస్టు చేసే మందుల సమీక్షలో ఏం తేలుతుంది?

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. ముగ్గురు డాక్టర్లు రాసినవన్నీ కలిపి రోజుకు 11 మాత్రలు వేసుకుంటోంది. ఫార్మసిస్టు చేత మందుల సమీక్ష చేయించమని ఒకరు చెప్పారు. డాక్టర్లు చూసి రాసినవే కదా, ఫార్మసిస్టు కొత్తగా చూసేదేముంటుంది? వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

జవాబు:

ముగ్గురూ ఎవరికి వారు సరైన మందే రాసి ఉండొచ్చు. చిక్కు సాధారణంగా ఒక చీటీకీ ఇంకో చీటీకీ మధ్య పుడుతుంది. ఆ మూడు చీటీలనూ ఒకేచోట పెట్టి, తేదీల వరుసలో చదివే పని ఎవరూ చేసి ఉండరు. సమీక్ష అంటే ముఖ్యంగా అదే. అందులో ఫార్మసిస్టుగా నేను అన్నిటికంటే ముందు వెతికేది మందుల గొలుసు: ఒక మందు తెచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బు అనుకుని దానికి ఇంకో మందు మొదలుపెట్టడం, ఆ రెండోది తెచ్చిన ఇబ్బందికి మూడోది చేరడం.

ముందు తీసుకెళ్లాల్సినవి చెబుతాను. ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి. అన్నీ అంటే అన్నీ: చీటీ లేకుండా కొన్న నొప్పి మాత్రలు, జలుబు మాత్రలు, విటమిన్లు, మూలికల పొడులు, కంటి చుక్కలు, పూత మందులు, ఆపేశామని పక్కన పెట్టినవి కూడా. మాత్రలు స్ట్రిప్ నుంచి తీసి డబ్బాలో పోయకండి. మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, గడువు తేదీ స్ట్రిప్ మీదే ఉంటాయి. అందులో ఎన్ని మిగిలాయో చూస్తే ఎన్ని తప్పిపోయాయో తెలుస్తుంది. వాటితో పాటు ఏడాది నుంచి చేయించిన రక్తపరీక్షల కాగితాలు, ముఖ్యంగా క్రియాటినిన్, పొటాషియం, హెచ్‌బీఏ1సీ ఉన్నవి, ఇంట్లో చూసుకున్న బీపీ లెక్కలు తీసుకెళ్లండి. క్రియాటినిన్ లేకుండా చేసే సమీక్ష సగం చీకట్లో చేసినట్టే, ఎందుకంటే చాలా మందుల డోసు కిడ్నీ పనిని బట్టే ఉంటుంది.

మొదటిసారి కూర్చుంటే అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. ఒక్కో మందు చేతికి తీసుకుని అమ్మగారినే అడగాలి: ఇది దేనికి వేసుకుంటున్నారు, ఎప్పుడు మొదలైంది, ఎలా వేసుకుంటున్నారు, వేసుకున్నాక ఏమైనా తేడా కనిపించిందా? మీరు పక్కన ఉండండి, కానీ ముందు ఆవిడనే చెప్పనివ్వండి. "సరిగ్గా వేసుకుంటున్నారా?" అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు. "పోయిన వారంలో ఎన్నిసార్లు తప్పిపోయింది?" అంటే నిజం బయటికొస్తుంది. ఈ జవాబులన్నీ ఒక కాగితం మీద పట్టికలా రాసుకుంటే, అందులో అన్నిటికంటే పనికొచ్చేది మొదలైన తేదీ ఉన్న గడి. అదెందుకో ఒక ఉదాహరణతో చెబుతాను.

అమ్మగారి వయసే ఉన్న ఒకామెను అనుకోండి. ఎన్నో ఏళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ 1000 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, బీపీకి టెల్మిసార్టాన్ 40 మి.గ్రా. వాడుతోంది, రెండూ అదుపులోనే ఉన్నాయి. క్రియాటినిన్ 0.9. మోకాళ్ల నొప్పికి ఒక డాక్టరు ఐబుప్రోఫెన్ 400 మి.గ్రా. రోజుకు మూడుసార్లు, పది రోజులకు రాశారు. హాయిగా ఉందని ఆమె తర్వాత కూడా కొని వేసుకుంటూనే ఉంది. రెండు నెలలకు బీపీ 156/92కి వెళ్లింది. బీపీ డాక్టరు అమ్లోడిపిన్ 5 కలిపారు, చాలక 10 చేశారు. కొన్ని వారాలకు సాయంత్రమయ్యేసరికి రెండు చీలమండల దగ్గరా వాపు మొదలైంది. మూడో డాక్టరు నీరు పోవడానికి ఫ్యూరోసెమైడ్ 40 మి.గ్రా. రాశారు. ఇప్పుడు ఆమె చెప్పేది నీరసం, లేచి నిలబడితే కళ్లు తిరగడం. కూర్చున్నప్పుడు బీపీ 128, నిలబడ్డాక 106. క్రియాటినిన్ 1.5.

ఆమె సంచిలో ఐబుప్రోఫెన్ ఉన్న సంగతి బీపీ డాక్టరుకు తెలియదు, ఆమె చెప్పలేదు. దాన్ని మందుగా ఆమె లెక్కలోనే వేసుకోలేదు, "నొప్పి గోలీ" అంతే. కానీ ఐబుప్రోఫెన్ కిడ్నీల చేత ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతుంది, టెల్మిసార్టాన్ పనిని కొంత తగ్గిస్తుంది. బీపీ పెరగడానికి అదొక్కటే చాలు. అమ్లోడిపిన్ వాపు సంగతి వేరు. ఆ మందు సన్న ధమనులను వెడల్పు చేస్తుంది, సిరలను అంతగా చేయదు. అందువల్ల మధ్యలో ఉన్న సూక్ష్మనాళాల్లో ఒత్తిడి పెరిగి నీరు బయటి కణజాలంలోకి ఊరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదది. కాబట్టి ఫ్యూరోసెమైడ్ ఇచ్చినా వాపు పెద్దగా తగ్గదు, రక్తంలోని నీరు మాత్రం పోతుంది. కళ్లు తిరగడం అక్కడి నుంచే.

ఇక ఐబుప్రోఫెన్, టెల్మిసార్టాన్, ఫ్యూరోసెమైడ్ మూడూ ఒకేసారి లోపల ఉండటం అన్నిటికంటే ప్రమాదం. కిడ్నీలో రక్తం వడకట్టే చోటికి లోపలికి వచ్చే నాళాన్ని ఐబుప్రోఫెన్ బిగిస్తుంది, బయటికి పోయే నాళాన్ని టెల్మిసార్టాన్ వదులు చేస్తుంది, అసలు వచ్చే రక్తాన్నే ఫ్యూరోసెమైడ్ తగ్గిస్తుంది. వడపోతకు కావాల్సిన ఒత్తిడి పడిపోతుంది. ఆమె వయసుకు క్రియాటినిన్ 0.9 అంటే కిడ్నీల వడపోత ఎంతుందో చెప్పే ఈజీఎఫ్ఆర్ సుమారు 70, 1.5 అంటే 38 దగ్గర. ఒక్క రోజు వాంతులో విరేచనాలో పట్టుకుంటే ఇంకా పడిపోవచ్చు. 45 కంటే తగ్గినప్పుడు మెట్‌ఫార్మిన్ రోజుకు 2000 ఎక్కువవుతుంది, మామూలుగా 1000కి దించుతారు. 30 కంటే తగ్గితే పూర్తిగా ఆపుతారు. చూడండి, మోకాలి నొప్పి దగ్గర మొదలైనది షుగరు మందు దాకా వచ్చింది.

ఇక్కడ ఫార్మసిస్టు తొందరపడకూడని చోటొకటి ఉంది. వాపు అమ్లోడిపిన్ వల్లేనా అని ముందు తేల్చుకోవాలి. రెండు కాళ్లకూ సమానంగా ఉండటం, పొద్దున తక్కువగా సాయంత్రం ఎక్కువగా ఉండటం, డోసు పెంచాక మొదలవడం, ఆయాసం లేకపోవడం, ఇవన్నీ ఆ మందు వైపే చూపిస్తాయి. ఒక్క కాలే వాచి నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, అదే రోజు డాక్టరు దగ్గరికి పంపాలి. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తున్నా, నాలుగైదు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగినా గుండె సంగతి చూడాలి. అలాంటప్పుడు ఫ్యూరోసెమైడ్ అవసరమే కావచ్చు, దాన్ని కదపమని అడగకూడదు.

జబ్బు నిర్ధారణ, మందు ఆపడం డాక్టరు పనే. సమీక్షలో తేలినదాన్ని ఫార్మసిస్టు ఉత్తరంగా రాసి పంపుతారు. అది అరపేజీ దాటితే చదవరు, కాబట్టి నేనైతే ఇంతే రాస్తాను:

"68 ఏళ్లు, షుగరు, బీపీ. చీటీ లేకుండా ఐబుప్రోఫెన్ రోజుకు 1200 మి.గ్రా. వాడుతున్నారు. ఆ తర్వాతే బీపీ పెరిగి అమ్లోడిపిన్ 10కి చేరింది, ఆ తర్వాత కాళ్ల వాపు, ఫ్యూరోసెమైడ్. క్రియాటినిన్ 0.9 నుంచి 1.5కి. నిలబడితే బీపీ 22 తగ్గుతోంది. ఆయాసం లేదు. ఐబుప్రోఫెన్, ఫ్యూరోసెమైడ్ ఆపడం, మెట్‌ఫార్మిన్ రోజుకు 1000కి తగ్గించడం, వారంలో క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూడటం పరిశీలించగలరు. అమ్లోడిపిన్ సంగతి ఇంటి బీపీ లెక్కలు చూశాక."

మామూలుగా ఒకసారికి ఒక్క మందే మార్చమంటాను, ఏ మార్పుకు ఏం జరిగిందో తెలియడానికి. ఇక్కడ మాత్రం కిడ్నీ దెబ్బతింటోంది, నిలబడితే బీపీ పడిపోతోంది, కాబట్టి ఐబుప్రోఫెన్, ఫ్యూరోసెమైడ్ రెండూ కలిపి ఆపమని అడగడమే మంచిది. అమ్లోడిపిన్ వెంటనే తగ్గించకపోవడానికి కారణం, ఐబుప్రోఫెన్ ఆపాక బీపీ ఎంతకు దిగుతుందో ముందుగా తెలియదు. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చొప్పున ఏడు రోజులు చూసి, మొదటి రోజు లెక్కలు వదిలేసి, మిగిలినవాటి సగటు తీయాలి. అది అదుపులో ఉంటే డాక్టరు అమ్లోడిపిన్‌ను 5కి దించుతారు, వాపు ఒకటి రెండు వారాల్లో తగ్గడం మొదలవుతుంది. ఈ మధ్యలో వాపు కాస్త ఎక్కువగా కనిపించవచ్చని ముందే చెప్పాలి. చెప్పకపోతే భయపడి దాచి ఉంచిన ఫ్యూరోసెమైడ్ మళ్లీ మొదలుపెడతారు.

నొప్పిని అలా వదిలేస్తే ఇదంతా వృథా అవుతుంది. ఆమె మళ్లీ ఐబుప్రోఫెన్ కొనుక్కుంటుంది, ఆమె తప్పు కాదది. మోకాలికి డైక్లోఫెనాక్ జెల్ రాసుకుంటే రక్తంలోకి చేరేది మాత్రతో పోలిస్తే చాలా తక్కువ. అయినా కిడ్నీ కోలుకునే దాకా డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. పారాసెటమాల్ 500 లేదా 650 మి.గ్రా. చొప్పున, అన్ని రకాల మాత్రల్లో ఉన్నదీ కలిపి, రోజుకు 3 గ్రాములు దాటకుండా వాడొచ్చు. తొడ కండరాలు గట్టిపడే వ్యాయామం ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోవాలి.

తర్వాత పని చెడేది ఎక్కువగా ఇంట్లోనే. ఆపిన మందు డబ్బాలో ఉండిపోతుంది, పాత చీటీ చూపించి మళ్లీ కొంటారు. ఇంకో చిక్కు జంట మాత్రలు. టెల్మిసార్టాన్, అమ్లోడిపిన్ కలిపిన మాత్ర వేరే పేరుతో ఉంటుంది. ఒక డాక్టరు అది రాసి, ఇంకొకరు విడిగా అమ్లోడిపిన్ రాస్తే పేర్లు కలవవు కాబట్టి ఇంట్లో ఎవరూ గమనించరు. కొన్ని జలుబు మాత్రల్లో ఐబుప్రోఫెన్ కూడా కలిసి ఉంటుంది. అందుకే స్ట్రిప్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు వదిలేసి, కింద చిన్నగా ఉన్న అసలు పేరు చదవాలి.

సమీక్ష అయ్యాక మీ చేతికి ఒక పేజీ జాబితా రావాలి. రాకపోతే అడగండి. మందు అసలు పేరు, మిల్లీగ్రాములు, దేనికి, ఏ పూట, ఎప్పుడు మొదలైంది, ఎవరు రాశారు, ఇవన్నీ అందులో ఉండాలి. చాలామంది వదిలేసేది అడుగున ఉండాల్సిన భాగం: ఆపిన మందులు, ఆపిన కారణం. "ఐబుప్రోఫెన్: ఆపాం, క్రియాటినిన్ 1.5 అయింది" అన్న ఒక్క వాక్యం ఉంటే రేపు నాలుగో డాక్టరు దాన్ని మళ్లీ రాయరు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఆ పేజీ ముందు బల్ల మీద పెట్టండి.

ఇది చదివి అమ్మగారి మందుల్లో ఏదీ మీ అంతట మీరు ఆపకండి. నీరసం, కళ్లు తిరగడం, మూత్రం తగ్గడం ఇప్పటికే ఉంటే సమీక్ష కోసం ఆగకుండా నేరుగా డాక్టరుకు చూపించండి. లేకపోతే సమీక్షకు సమయం అడిగేటప్పుడే రెండోసారి తేదీ కూడా తీసుకోండి, నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత. ఉదాహరణలోని ఆమెకైతే, తగ్గించిన మెట్‌ఫార్మిన్ అలాగే ఉంచాలా, పాత డోసుకు వెళ్లొచ్చా అన్నది అప్పటి క్రియాటినిన్ చూశాకే తేలుతుంది. ఆ తర్వాత ఆసుపత్రిలో ఉండి వచ్చినా, కొత్త మందు చేరినా మళ్లీ ఆ సంచి పట్టుకుని వెళ్లండి.