కోడ్ స్కాన్‌కి దొరకని బిల్లు

"అన్నా, కావలిలో రొయ్యల మేత డీలర్‌కి ఆర్డర్ల యాప్ చేశాం. సెమ్‌గ్రెప్‌లో ఏ తప్పూ రాలేదు. ఇంకా డైనమిక్ టెస్టింగ్ కావాలా?"

కావాలి తమ్ముడూ. సెమ్‌గ్రెప్ కోడ్‌ని నడపకుండా చదువుతుంది. యూజర్ టైప్ చేసింది నేరుగా ఎస్‌క్యూఎల్ క్వెరీలో కలిస్తే ఏ లైనో చూపిస్తుంది, అందుకే ప్రతి కమిట్‌కీ దాన్ని నడపాలి. కానీ ఏ బిల్లు ఏ రైతుదో దానికి తెలియదు. యాప్‌ని నడిపి చూసే డైనమిక్ టెస్టింగ్ అందుకే.

స్టేజింగ్ సర్వర్‌లో ఇద్దరు రైతుల పేరుతో రెండు లాగిన్‌లు పెట్టు. మొదటి లాగిన్‌తో `/bill/1041` తెరిచి, నంబర్‌ని రెండో రైతు బిల్లు `1042`కి మార్చు. 403 గానీ 404 గానీ రావాలి. బిల్లే తెరుచుకుంటే, ఆ బిల్లు ఎవరిదో సర్వర్ చెక్ చేయడం లేదన్నమాట. జాప్ అనే టెస్టింగ్ టూల్‌తో ఊరికే ఆటోమేటిక్ స్కాన్ పెడితే ఇది సాధారణంగా దొరకదు, చేత్తో చూడాల్సిందే. ప్రతి రిలీజ్‌కి ముందూ చెయ్యి. అసలు రైతుల డేటా ఉన్న సర్వర్ మీద మాత్రం వద్దు.