‘యూ నో’కి తెలుగేంటి అని అడిగిన మేనకోడలికి

అమ్మలూ,

నువ్వు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి రాసి పంపిన మొదటి ఎపిసోడ్ డబ్బింగ్ స్క్రిప్టు నిన్న రాత్రే చదివేశాను. డైలాగులు తేలిగ్గా ఉన్నాయి, అర్థం ఎక్కడా తప్పలేదు. కానీ మనుషులు మాట్లాడుతున్నట్టు లేదు. ఎందుకా అని రెండోసారి చూస్తే దొరికింది. ‘యూ నో’ అన్నచోటల్లా, పద్నాలుగు చోట్ల, ‘మీకు తెలుసు’ ఉంది, ‘ఎనీవే’ అన్న తొమ్మిది చోట్ల ‘ఏమైనప్పటికీ’ ఉంది. ఇంట్లో, బస్సులో, ఫోన్లో ‘ఏమైనప్పటికీ’ అన్న మనిషిని నువ్వెప్పుడైనా చూశావా?

నవ్వుతున్నాననుకోకు. నేనూ ఇదే చేశాను. యూసుఫ్‌గూడలో ఒక చిన్న స్టూడియోలో నా తొలి డబ్బింగ్ స్క్రిప్టు రికార్డవుతోంది. నేను ప్రతి ‘యూ నో’కీ ‘నీకు తెలుసు’ అని రాసుకొచ్చాను. మైకు ముందున్న పెద్దావిడ అయిదో డైలాగు ముక్క దగ్గర హెడ్‌ఫోన్స్ తీసి, “బాబూ, ఈ అమ్మాయి ఎవరికి ఏం తెలుసంటోంది? తెలిస్తే మళ్ళీ చెప్పడం దేనికి?” అంది. రికార్డిస్టు నవ్వాపుకోలేకపోయాడు. ఆ పూట స్క్రిప్టంతా అక్కడే కూర్చుని మళ్ళీ రాశాను.

ఈ మాటలకి అర్థం వెతక్కు, అవి చేసే పనేంటో చూడు. ‘వెల్’నే తీసుకో. అడిగినవాడు ఎదురుచూస్తున్న జవాబు రాదని తెలిసినప్పుడే అది ఎక్కువగా ముందుకొస్తుంది. “వస్తున్నావా?” అంటే వచ్చేవాడు ‘ఆ, వస్తున్నా’ అనేస్తాడు. రానివాడే ‘వెల్...’ అని నానుస్తాడు. మనకి ఆ చోట ‘అంటే...’ ఉంది, ‘అదే...’ ఉంది, ‘ఏమో మరి’ ఉంది. ‘బాగుంది’ మాత్రం కాదు. ‘ఎనీవే’ దారి తప్పిన కబుర్ని వెనక్కి తెస్తే మనం ‘ఇంతకీ’ అంటాం, కబురు ముగించడానికైతే ‘సరేలే’, ‘సరే మరి’ అంటాం. మీ అమ్మ ఫోన్ పెట్టేసే ముందు ‘సరే మరి... ఆఁ... ఉంటా మరి’ అని మూడుసార్లు అనడం వినే ఉంటావు. పాత్ర గదిలోకి వస్తూనే “సో, యూ ఆర్ లీవింగ్” అంటే నువ్వు ‘కాబట్టి నువ్వు వెళుతున్నావు’ అని రాశావు. ఇక్కడ కారణం ఎక్కడుంది? ‘అయితే వెళ్తున్నావన్నమాట’ అను. ఇంగ్లీషులో ముందున్న బరువు కొంత మనకి వాక్యం చివరికి జారుతుంది. కదా, మరి, లే, అన్నమాట, ఇవన్నీ అక్కడే కూర్చుంటాయి.

ఇక నువ్వు అయిదో పేజీలో తంటాలు పడ్డ సీనుకి వస్తాను. తండ్రి ఇల్లు అమ్మావా అని అడుగుతాడు. కొడుకు క్లోజప్. “వెల్... యూ నో, ద మార్కెట్ వాజ్ బ్యాడ్. సో ఐ వెయిటెడ్. ఎనీవే, ఇట్స్ గాన్ నౌ.” నువ్వు రాసింది: “బాగుంది... మీకు తెలుసు, మార్కెట్ బాగోలేదు. కాబట్టి నేను వేచి ఉన్నాను. ఏమైనప్పటికీ, అది ఇప్పుడు పోయింది.” చదువుతూ వీడియో పెట్టుకో. అతని నోరు మూసుకుని రెండు క్షణాలైనా నీ వాక్యం ఇంకా నడుస్తూనే ఉంటుంది.

నేనైతే ఇలా రాస్తాను: “అదే... అంటే, మార్కెట్ ఏం బాలేదు. ఆగాను. సరేలే, ఇచ్చేశా.”

ఒక్కో ముక్కా చెప్తాను. ‘వెల్’ని అతను సాగదీశాడు, ‘అదే’నీ అలాగే సాగదీయొచ్చు. ‘యూ నో’ నోట్లో రెండు దెబ్బలు, అక్షరానికో దెబ్బ చొప్పున, ‘అంటే’ కూడా రెండు. ‘యూ నో’కి పెదాలు గుండ్రమవుతాయి, ‘అంటే’కి కావు, నిజమే. అయినా నేను ‘అంటే’నే ఉంచుతాను. గుండ్రం తేడాని చూసేవాళ్ళు క్షమిస్తారు, పెదాలు కలిసే ప, బ, మ తప్పితే క్షమించరు. అందుకే ఆ ‘ఏం’. మార్, కెట్, వాజ్, బ్యాడ్, నాలుగో దెబ్బకి పెదాలు కలుస్తున్నాయి. మార్, కెట్, ఏం, బా, మనకీ నాలుగో దెబ్బకే ‘బ’ పడింది. ‘ఏం’లో చివరి మూత కూడా ఆ మూతలోనే కలిసిపోతుంది. అతను ‘బ్యాడ్’ తర్వాత ఆగకుండా ‘సో’ అనేశాడు కాబట్టి మనకి మిగిలిన ‘లేదు’ ఆ ‘సో’ మీద కూర్చుంటుంది. ఈ ‘సో’లో కారణం ఉంది, కానీ తెలుగులో రెండు వాక్యాలు పక్కపక్కన పెడితే ఆ కారణం దానంతటదే వినపడుతుంది. దాన్ని వదిలేశామని ఎవరూ గమనించరు.

‘ఎనీవే’కి ‘సరేలే’ నాకు ఎప్పుడూ ఇష్టం. మూడుకి మూడు దెబ్బలు, చివరి ‘ఏ’ కూడా కలుస్తుంది. నువ్వు రాసిన ‘పోయింది’లో ‘ప’ ఉంది, ‘గాన్ నౌ’లో అతని పెదాలు కలవనే లేదు. ‘ఇచ్చేశా’లో ఆ గొడవ లేదు, పైగా ఇల్లు అమ్మేసినవాడు అనే మాట అదే.

అయితే ‘సరేలే’ ఎదుటి మనిషిని బట్టి మారుతుంది. ఇంగ్లీషువాడు ఆఫీసరుకీ తమ్ముడికీ అదే ‘ఎనీవే’ అంటాడు, అదే ‘యూ నో’ అంటాడు. మనకి తమ్ముడైతే ‘తెల్సుగదరా’, మావగారైతే ‘తెలుసు కదండీ’. తండ్రితో ‘సరేలే’ అంటే విషయం తోసేసినట్టు ఉంటుంది. ఈ కొడుకు చేస్తున్నదీ అదే, కాబట్టి సరిపోయింది. అదే సీన్లో పై ఆఫీసరు ఉంటే ‘సరేలెండి’ కావాలి, అప్పుడు ఒక దెబ్బ ఎక్కువవుతుంది, ఇంకెక్కడో కోయాలి. యాస కూడా అంతే. పాత్రకి తెలంగాణ మాట పెట్టుకుంటే ‘ఇగ’, ‘మల్ల’ వాడు, గోదావరి మనిషైతే ‘ఆయ్’ అనిపించు. రెండూ ఒకే నోట్లో పెడితే ఆర్టిస్టే మైకు దగ్గర ఆగిపోతుంది. ఈ హైదరాబాదులో అన్ని యాసలూ వినిపిస్తాయి కాబట్టి మనకి తేడా తెలియకుండా జారిపోతుంది, జాగ్రత్త.

ప్రతి ‘యూ నో’నీ ఊతపదం అనుకోకు కూడా. “యూ నో మై సిస్టర్?” అంటే నిజంగానే తెలుసా అని అడగడం. కాగితం మీద రెండూ ఒకేలా ఉంటాయి, గొంతులో ఉండవు. ఊతపదమైతే చాలాసార్లు గబగబా, నొక్కులేకుండా నమిలేస్తారు. అనుమానం వస్తే ఆ మాట తీసేసి మిగతా వాక్యం విను. విషయం పోయిందంటే అది నిజమైన మాట. విషయం అలాగే ఉండి మనిషి మాత్రం మొరటుగానో, తొందరపడుతున్నట్టో వినిపిస్తే అది ఊతపదం, దానికి మన ఊతపదం వెతుకు.

మొహం కనపడని చోట, వీపు చూపిస్తున్నప్పుడు, దూరపు షాట్లలో సగం తీసేయొచ్చు. సబ్‌టైటిల్స్ అయితే ఇంకా తీసేయి, చదివేవాడికి టైముండదు. ఒక్క నిరాకరించే చోట మాత్రం ‘అంటే...’ ఉంచు.

అయిదో పేజీ ఇలా మార్చి, పదకొండో పేజీలో ఆ అత్తగారి ‘వెల్, వెల్, వెల్’ ఏం చేశావో చూపించు. దానికి నేను ‘ఓహో... ఓహో...’ అనుకుంటున్నాను గానీ పెదాలు కలుస్తున్నాయో లేదో వీడియో చూడందే చెప్పలేను. ఆదివారం వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకో.

మీ పెద్దమావయ్య